మార్క్ 2 బోరింగా, మార్క్ 3 బోరింగా: ఏది మేలు?

ఊళ్లో పాత బోరింగును, అంటే బోరు మీది చేతిపంపును, మార్చవలసి వచ్చిన ప్రతి పంచాయతీవారూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: మళ్లీ మార్క్ 2 వేయించాలా, ఈసారి మార్క్ 3 వేయించాలా? ఈ ఏడు మా ఊరి బడి ముందున్న పంపు విషయంలో ఆ ప్రశ్నకు నేనే జవాబు వెతుక్కోవలసి వచ్చింది కనుక, అప్పుడు వేసిన లెక్కలను ఇక్కడ రాస్తున్నాను.

నేలపైన కనిపించే భాగాన్ని చూసి ఈ రెండింటికీ తేడా చెప్పడం కష్టం. అదే ఇనుప తల, అదే పిడి, లోపల అదే చైను. లోపల సిలిండరు కొలత కూడా ఒకటే: 63.5 మి.మీ. వ్యాసం, 125 మి.మీ. పోటు, అంటే ఒక్కో పోటుకు సుమారు 0.4 లీటరు నీరు. పిడిని కిందికి నొక్కినప్పుడు రాడ్ల కొసన, సిలిండరు లోపల ఆడే ప్లంజరు పైకి లేస్తుంది. దాని వాల్వు మూసుకొని తన మీదనున్న నీటిని పైకి మోస్తుండగా, కింద ఏర్పడిన ఖాళీలోకి సిలిండరు అడుగునున్న ఫుట్‌వాల్వు తెరుచుకొని బోరులోని నీరు వస్తుంది. పిడిని వదిలినప్పుడు ఫుట్‌వాల్వు మూసుకొని పైపులో నిలిచిన నీటి బరువునంతా తాను పట్టుకుంటుంది, ప్లంజరు వాల్వు తెరుచుకొని నీటిలోంచి కిందికి జారుతుంది. చైను లాగగలదే కాని నెట్టలేదు కనుక, ప్లంజరును కిందికి దింపేది రాడ్ల సొంత బరువే. సిలిండరును మరీ పైన వేలాడదీసిన చోట పిడిని ఎత్తేటప్పుడు చైను వదులై ముడతపడటానికి కారణం అదే.

అసలు తేడా సిలిండరు పైనుంచి మొదలవుతుంది. మార్క్ 2లో సిలిండరు మీద 32 మి.మీ. జి.ఐ. పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు, ఉంటుంది. ప్లంజరు దానికంటె లావు కనుక ఆ పైపులోంచి పైకి రాలేదు. మార్క్ 3లో పైపు 65 మి.మీ.ది, లోపలి వ్యాసం 68 మి.మీ. దాటుతుంది కనుక ప్లంజరూ ఫుట్‌వాల్వూ రెండూ పైపులోంచే బయటికి వస్తాయి.

లావు పైపులో నీరు ఎక్కువ కనుక మార్క్ 3 కొట్టడం బరువని చాలామంది అంటారు. అది నిజం కాదు. పిడి మీద పడే బరువు పైపు లావును బట్టి ఉండదు, ప్లంజరు వైశాల్యాన్ని బట్టీ నీటిమట్టం లోతును బట్టీ ఉంటుంది. నీరు 18 మీటర్ల లోతున ఉంటే ప్లంజరు మీద దాదాపు 57 కిలోల నీటి బరువు పడుతుంది. 30 మీటర్ల రాడ్లు మరో 27 కిలోలు. పిడి ఆ భారాన్ని సుమారు ఎనిమిదో వంతుకు తగ్గిస్తుంది కనుక చేతికి తగిలేది పది, పదకొండు కిలోలు. రెండు పంపులకూ ఇదే లెక్క.

కాబట్టి నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఒక్కటే. పంపులో తరచుగా అరిగేవి ప్లంజరు వాషర్లు, ఆ తర్వాత ఫుట్‌వాల్వు రబ్బరు. వాటిని చేరుకోవడానికి ఏమేమి ఊడదీయాలి?

మార్క్ 2లో అన్నీ ఊడదీయాలి. సిలిండరు 30 మీటర్లలో ఉంటే మూడేసి మీటర్ల పైపులు పది. తల విప్పి, దాని కిందనున్న నీళ్లతొట్టి ఎత్తి, క్లాంపుతో పైపును బిగించి, ఒక్కొక్క పైపును పైకి లాగి, దాని లోపలి రాడ్డు జాయింటును కూడా విప్పుతూ పోవాలి. పైపులే 95 కిలోలు, నీరూ రాడ్లూ సిలిండరూ కలిపితే 150 కిలోలు దాటుతుంది. నలుగురైదుగురు మనుషులు, పైపు రెంచీలు, క్లాంపులు, వాటిని తెచ్చే బండి కావాలి. చేతి మందం లేని ఒక వాషరు కోసం ఇంత హంగామా. బండి మండలకేంద్రం నుంచి రావాలి కనుక పంపు ఆగిన రోజుకూ బాగైన రోజుకూ మధ్య ఎన్ని రోజులన్నది ఊరి చేతిలో ఉండదు. పైగా విప్పిన ప్రతిసారీ పైపు మరలు కొంత దెబ్బతింటాయి. వాషరు మార్చిన ఆరు నెలలకే జాయింటు కారడం మొదలైన పంపులను నేను చాలానే చూశాను.

మార్క్ 3లో పైపును ముట్టుకోనక్కరలేదు. రాడ్లను ఒక్కొక్కటిగా విప్పి పైకి లాగితే ప్లంజరు వాటితోపాటే వస్తుంది. ఫుట్‌వాల్వు కూడా కావాలంటే ముందుగా రాడ్లను పూర్తిగా కిందికి దింపి తిప్పాలి. ప్లంజరు అడుగునున్న మర ఫుట్‌వాల్వు తలకు పట్టుకుంటుంది, తర్వాత రెండూ కలిసి లేస్తాయి. ఇద్దరు మనుషులు, రెండు పానాలు చాలు. కొంచెం నేర్పిస్తే ఊళ్లో సైకిళ్లు బాగుచేసేవారు కూడా ఒక పూటలో ముగించగల పని.

ఇంతవరకు చూస్తే మార్క్ 3దే పైచేయి. అయితే దానికొక బలహీనత ఉంది, అది ఇసుక. ఫుట్‌వాల్వు తన గూటిలో ఒక రబ్బరు రింగుతో బిగుసుకొని కూర్చుంటుంది. బోరులో ఇసుక వస్తుంటే అది ఫుట్‌వాల్వు చుట్టూ పేరుకొని, ఏళ్ల తరబడి కదిలించకపోతే సిమెంటులాగ గట్టిపడుతుంది. అప్పుడు రాడ్లు ఎంత తిప్పినా అది రాదు, పైపులనే లేపవలసి వస్తుంది. ఇక్కడ లావు పైపు పగ తీర్చుకుంటుంది. 30 మీటర్లకు పైపుల బరువే 195 కిలోలు, ఫుట్‌వాల్వు మూసుకుపోయి నీరు దిగకపోతే పైపులోని నీరు మరో 100 కిలోలు. ముప్పై మీటర్లకంటె లోతుకు మార్క్ 3 వేయవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. అంతకంటె లోతైతే మార్క్ 2యే.

పంపు చెడినప్పుడు ఎక్కడ చెడిందో తెలుసుకోవడంలో కూడా పైపు లావు తేడా తెస్తుంది. బడి పంపు సంగతి అదే. అది 32 మి.మీ. పైపుల పాత మార్క్ 2. పొద్దున్నే వచ్చిన ఆడవాళ్లు ఇరవై పోట్లు కొట్టాక గాని నీరు రావడం లేదన్నారు. ఒకసారి వచ్చాక మాత్రం నలభై పోట్లకు పదిహేను లీటర్ల బిందె నిండుతోంది. వాషర్లు అరిగి ఉంటే మొదటినుంచీ చివరిదాకా నీరు సన్నగానే వచ్చేది, నెమ్మదిగా కొడితే అసలే రాక, వేగంగా కొడితే మాత్రం కొంత వచ్చేది. అలా లేదు కనుక వాషర్లు బాగానే ఉన్నాయి. రాడ్డు ఊడి ఉంటే పిడి చేతికి తేలిగ్గా ఆడి చుక్క కూడా వచ్చేది కాదు. మిగిలినవి రెండు: ఫుట్‌వాల్వు కారడం, లేదా పైపు జాయింటు కారడం.

వీటిని విడదీయడానికి పోట్లు లెక్కపెట్టడమే మార్గం. రాడ్డు ఆక్రమించిన చోటు తీసేస్తే 32 మి.మీ. పైపులో మీటరుకు 0.9 లీటరు నీరు పడుతుంది. ఇరవై పోట్లంటే దాదాపు 8 లీటర్లు, అంటే పైపులోని నీరు సుమారు 9 మీటర్లు దిగింది. ఫుట్‌వాల్వు కారుతుంటే ఆపిన సమయం పెరిగేకొద్దీ నీరు ఇంకా దిగుతూ, చివరకు బోరులోని మట్టం, అంటే 18 మీటర్ల దాకా పోవాలి, అప్పుడు నలభై పోట్లు కావాలి. జాయింటులో చిల్లు ఉంటే నీరు ఆ చిల్లు దగ్గరే ఆగుతుంది. ఒక రాత్రి ఆపి లెక్కపెట్టాము, ఇరవై. ఆదివారం పంపుకు తాళం వేసి ఒక పగలూ రెండు రాత్రులూ ఆపి లెక్కపెట్టాము, ఇరవై ఒకటి. తొమ్మిది మీటర్లంటే పైనుంచి మూడో జాయింటు. మూడు పైపులు మాత్రమే లేపి చూస్తే మూడో సాకెట్టు కింద మరలు తుప్పు తిని, బొటనవేలితో నొక్కితే రాలిపోయేంతగా ఉన్నాయి.

ఇదే చిల్లు మార్క్ 3లో అదే లోతున పడితే మొదటి నీటికోసం ఎనభై పోట్లు కొట్టవలసి వచ్చేది, ఎందుకంటే లావు పైపులో మీటరుకు 3.6 లీటర్లు పడతాయి. చిల్లు చిన్నదైతే పైపులోని నీరు అక్కడిదాకా దిగడానికే చాలా గంటలు పడుతుంది. ఒక్క రాత్రి లెక్కతో ఏమీ తేలదు. మార్క్ 3 జాయింట్లను బిగించేటప్పుడు జనపనార దారం, పైపుల పేస్టు విషయంలో పిసినారితనం చేయకూడదని నేను పదేపదే చెప్పేది అందుకే. నీరు పులుపు గుణం కలదై జి.ఐ. పైపులను తినే ఊళ్లలో ఈ సమస్య రెండింటికీ ఉంటుంది. పొద్దున మొదటి బిందెలో ఎర్రనీరు వస్తే దాని గుర్తు.

మిగతా పంపుల గురించి కూడా అడుగుతారు. నంబర్ 6 పంపు గాలి లాగి పనిచేసేది, నీరు ఏడు మీటర్లకంటె దిగితే పనికిరాదు, కోస్తాలో కాలువల పక్కన తప్ప మనకు అక్కరలేదు. ఆఫ్రికాలో వాడే అఫ్రిదేవ్‌కు ప్లాస్టిక్ పైపులు ఉంటాయి, తుప్పు సమస్య ఉండదు, కాని దాని సామాను మన బజారులో దొరకదు.

బడి దగ్గర చివరికి మార్క్ 3 పెట్టించాము. మూడో పైపు ఒక్కటి మార్చి పాతదాన్నే నడపవచ్చు, కాని మిగతా తొమ్మిది పైపులూ అంతే వయసువి. వేసవి చివర కూడా నీరు 22 మీటర్ల దగ్గరే ఉంటుంది, బోరు రాతిలో వేసినది కనుక ఇసుక దాదాపు రాదు. సిలిండరును 27 మీటర్లలో, తొమ్మిది పైపుల మీద వేలాడదీశాము. నీళ్లతొట్టి మాత్రం లావు పైపుకు తగినది కొత్తగా కొనవలసి వచ్చింది, పాత తలా పిడీ అవే. ఏటా సంక్రాంతి తర్వాత, అవసరం ఉన్నా లేకపోయినా, ఫుట్‌వాల్వును ఒకసారి పైకి తీసి కడిగి మళ్లీ దింపాలని తీర్మానం రాయించాము. అది బిగుసుకుపోకుండా ఉండటానికి అంతకంటె వేరే ఉపాయం లేదు. పంచాయతీ ఆఫీసు అలమారలో రెండు జతల నైట్రైల్ వాషర్లు, రెండు రబ్బరు రింగులు, పక్కనే ఆ రెండు పానాలు ఉన్నాయి. తాళంచెవి బడి ఆయా దగ్గర ఉంటుంది.