ట్రేడ్‌మార్క్ లేకుండ మూడేండ్లు, ట్రేడ్‌మార్క్‌తో నాలుగేండ్లు: మా సకినాల పేరు సంగతి

మాది నల్గొండ. 2018ల మా అత్తమ్మ, నేను కలిసి ఇంట్లనే సకినాలు, గారెలు, కారం పొడి, మామిడికాయ తొక్కు చేసి అమ్ముడు మొదలుపెట్టినం. పేరు ఇక్కడ రాస్తలేను, రాస్తే ప్రచారం అనుకుంటరు. మా అత్తమ్మను ఊళ్లె పిలిచే ముద్దు పేరు ఒకటి ఉంది, దానికి పిండివంటలు అని తగిలించినం, అంతే.

2021 సంక్రాంతికి ముందు హైదరాబాద్‌ల ఉండే పాత కస్టమర్ ఒకామె ఫోన్ చేసి "అక్కా, ఈసారి సకినాలల్ల పాత నూనె వాసన వస్తుంది, ఏమైంది" అన్నది. ఆమెకు మేము ఆ నెలల పార్సిలే పంపలే. ఫొటో పెట్టమంటే పెట్టింది, చూస్తే ప్యాకెట్ మీద మా పేరే, అక్షరం తేడా లేదు, బొమ్మ మాత్రం వేరే. హైదరాబాద్‌ల ఒక షాపాయన మా పేరుతోని చేయించి అమ్ముతుండు.

నాకు అప్పుడు ధైర్యమే ఉండె, ఎందుకంటే మా దగ్గర ఫుడ్ లైసెన్స్ ఉంది, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకుల కరెంట్ అకౌంట్ కూడా ఆ పేరు మీదనే ఉంది, ఇంక పేరు మాది కాకపోతే ఎవరిది అనుకున్న. వకీలు సార్‌తోని నోటీసు పంపిస్తే వచ్చిన జవాబు చూసి నాకు నోట మాట రాలే. ఆయనకు కూడా అదే పేరు మీద ఉద్యం ఉంది, ఫుడ్ లైసెన్స్ ఉంది! అప్పుడు సార్ కూసోబెట్టి చెప్పిండు: "అమ్మా, ఉద్యం అంటే మీది చిన్న పరిశ్రమ అని రాసుకునుడు, ఫుడ్ లైసెన్స్ అంటే తినే వస్తువు అమ్మనీకె పర్మిషన్. ఈ పేరు ఇంకెవరికన్న ఉన్నదా అని అక్కడ చూడరు, ఒకే పేరు మీద పది మందికి ఇస్తరు." జీఎస్టీల రాసే ట్రేడ్ పేరు కూడా గంతే. కంపెనీ పెడితే అదే పేరుతో ఇంకో కంపెనీ రాకుండ ఆపుతరు గానీ, ప్యాకెట్ మీద ఆ పేరు వేసుకునేటోన్ని ఆ రిజిస్ట్రేషన్ ఆపలేదు.

అయితే రిజిస్టర్ కాని పేరుకు అసలు దిక్కే లేదా అంటే ఉంది, దాన్ని పాసింగ్ ఆఫ్ అంటరు. కానీ బరువంతా మన మీదనే పడుతది. ఈ పేరు వింటే జనానికి మేమే యాదికొస్తమని, ఆయన ప్యాకెట్ చూసి జనం మాది అనుకుంటున్నరని, దాంతోని మాకు నష్టం అయితుందని మూడూ మనమే నిరూపించాలె. పైగా ఆ కేసు ఎదుటోళ్లు ఉన్న చోటనో, ఆ మోసం జరిగిన చోటనో వెయ్యాలె, అంటే మాకు హైదరాబాద్ తిరుగుడే. పొయ్యి దగ్గర నుంచి లేచి వాయిదాలకు ఎవరు పోవాలె? కేసు వెయ్యలే. ఆయన దాదాపు ఏడాది అమ్మి ఆయనంతట ఆయనే బంద్ పెట్టిండు, ఈలోపు మా కస్టమర్లు చాలా మంది పోయిండ్రు, వాళ్లల్ల కొందరు ఇప్పటికీ రాలే. ఆ పాత నూనె వాసన మా అత్తమ్మ చేతి వంటకు అంటిందే అని నాకు ఇప్పటికీ బాధ.

2021 ఫిబ్రవరిల ట్రేడ్‌మార్క్‌కు అప్లై చేసినం, ipindia.gov.in సైట్ల ఆన్‌లైన్‌లనే, ఫారం పేరు టీఎం-ఏ. అక్కడ వస్తువులను రకాల వారీగ క్లాసులని విడగొట్టిండ్రు, ఆన్‌లైన్‌ల ఒక్కరి పేరు మీద గానీ చిన్న పరిశ్రమగా గానీ చేస్తే ఒక్కో క్లాసుకు 4,500 ఫీజు. తొక్కులు, పచ్చళ్లు 29వ క్లాసుల వస్తయ్, సకినాలు, కారం పొడి, మసాలాలు 30ల వస్తయ్, గందుకే రెండు క్లాసులకు 9,000 కట్టినం, ఏజెంట్ ఫీజు వేరే.

ఏజెంట్ మొదట లోగో ఒక్కటే వేద్దాం, జల్ది పాస్ అయితది అన్నడు. నేను ఒప్పుకోలే. ఆ హైదరాబాద్ షాపాయన బొమ్మ మార్చి పేరు ఉంచిండు కదా, లోగో ఒక్కటే రిజిస్టర్ అయితే బొమ్మ వేరే, మొత్తం చూస్తే వేరే అని వాదిస్తడు. పేరును ఉత్త అక్షరాలతోని, వర్డ్ మార్క్‌గ వేయించినం. ఇంకోటి, ఎప్పటి నుంచి వాడుతున్నరు అనే దగ్గర ఆయన "ఇంక వాడాలె" అని పెట్టబోయిండు. సబ్మిట్ చేసే ముందు చూసిన కాబట్టి సరిపోయింది, లేకపోతే 2018 నుంచి చేసిన కష్టం కాయితం మీద లేనట్టే అయితుండె. దానికి అఫిడవిట్ కావాలె, రుజువులు కావాలె. మా ఆయన పాత కాయితాలన్నీ పారేద్దాం అంటుండె గానీ నేను దాచిపెట్టిన: 2018ల స్టిక్కర్లు కొట్టించిన ప్రెస్ బిల్లు, కొరియర్ రసీదులు, చేత్తో రాసిన బిల్లు బుక్కులు. అవే అక్కరకొచ్చినయ్.

కొన్ని నెలలకు స్టేటస్ "అబ్జెక్టెడ్" అని వచ్చింది. భయపడ్డ గానీ చాలా మందికి వస్తదంట. సెక్షన్ 9 కింద, పిండివంటలు అనేది వస్తువు పేరే కదా అని అడిగిండ్రు. జవాబుకు నెల టైమే ఉంటది, అది దాటితే అప్లికేషన్ వదిలేసుకున్నట్టు తీస్తరు, ఆ రిపోర్ట్ వచ్చేది ఏజెంట్ మెయిల్‌కు, గందుకే వారానికోసారి నేనే నంబర్ కొట్టి చూసుకునేదాన్ని. పిండివంటలు అనే మాట మీద మాకు హక్కు వద్దు, ముందున్న ముద్దు పేరుతో కలిపి మొత్తం మీద అడుగుతున్నం అని రాసినం, తర్వాత వీడియోల హియరింగ్ అయింది, ఒప్పుకున్నరు. ట్రేడ్‌మార్క్ ఆఫీసోళ్ల జర్నల్‌ల వేసి నాలుగు నెలలు ఎవరన్న అడ్డం చెప్తరా అని చూస్తరు, ఎవరూ చెప్పలే, 2022 చివరికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. హక్కు లెక్క మాత్రం అప్లై చేసిన తారీకు నుంచే. సున్నాల ఆర్ గుర్తు అప్పుడే ప్యాకెట్ మీద వేసినం, దానికి ముందు వేస్తే చట్టప్రకారం తప్పు, టీఎం అని మాత్రం వేసుకోవచ్చు.

దాని విలువ 2024 దసరాకు తెలిసింది. ఇంకొకరు ఇన్‌స్టాల అదే పేరుతోని సకినాలు అమ్ముడు షురూ చేసిండ్రు. ఈసారి జనం మోసపోతున్నరని మేము చూపెట్టే పని లేదు. అదే పేరు, అదే రకం వస్తువు అయితే జనం పొరబడుతరని కోర్టే అనుకోవాలని చట్టంల ఉంది. కేసు కూడా మనం ఉండి వ్యాపారం చేసే చోటనే వేసుకోవచ్చు, వాళ్ల ఊరికి పోనవసరం లేదు. ఇన్‌స్టాల కంప్లైంట్ ఫారం నింపితే అడిగింది రిజిస్ట్రేషన్ నంబర్, అది 2021ల నా దగ్గర లేదు. నంబర్, సర్టిఫికెట్ పెట్టిన, వకీలు సార్ ఒక పేజీ నోటీసు పంపిండు, పది రోజులల్ల పేజీ పోయింది, వాళ్లు కొత్త పేరు పెట్టుకున్నరు. కోర్టు గడప ఎక్కలే.

లోపాలు కూడా చెప్పాలె. సకినాలు అనే మాట మాది కాదు, ఎవరైనా వాడుకోవచ్చు, అట్లనే ఉండాలె. మనకంటే ముందు నుంచి ఆ పేరు వాడుతున్నోళ్లు ఎవరన్న ఉంటే సర్టిఫికెట్ చూపి ఆపలేం, వాళ్ల హక్కు వాళ్లకుంటది. ఎవరో కాపీ కొడితే ఆఫీసోళ్లు వచ్చి పట్టుకోరు, కనిపెట్టుకోవాల్సింది మనమే. మేము చేసిన పొరపాటు ఒకటుంది, 29వ క్లాసుల వస్తువుల లిస్టుల తొక్కులు, పచ్చళ్లే రాసినం. ఇప్పుడు గానుగ నువ్వుల నూనె మొదలుపెట్టినం, నూనె కూడా 29వ క్లాసే గానీ లిస్టుల లేదు, ఉన్నదాంట్ల కలపరు. దానికి వేరే అప్లికేషన్ పోయిన నెల వేసినం, మళ్ల 4,500. పాతది 2031 ఫిబ్రవరి వరకు ఉంది, రెన్యువల్ ఆన్‌లైన్‌ల క్లాసుకు 9,000, ఆ తారీకు మా అత్తమ్మ ఫోన్‌ల కూడా పెట్టి ఉంచిన.