పేరు లేని చార్ట్ పంపితే ముందు మూడు ప్రశ్నలు: నాలుగేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

భీమవరం పక్కన మాకు రొయ్యల మేత కొట్టు ఉంది. షేర్లు నా వ్యాపారం కాదు, వ్యసనం. సెబీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కొనమనీ అమ్మమనీ ఎవరికీ చెప్పను. అయినా రోజుకు రెండు మూడు స్క్రీన్‌షాట్లు వస్తూనే ఉంటాయి. పైన పేరు కోసేసి, నాలుగు కొవ్వొత్తులు చూపించి, "ఏమంటారండీ?" అని అడుగుతారు.

మా దగ్గర చెరువు గట్టు మీద రొయ్య రేటు చెబితే, "ఏ కౌంట్‌కి?" అని అడగని వాడు ఉండడు. ధాన్యం ధర చెబితే బస్తాకా, క్వింటాకా అని అడుగుతాం. అదే మనుషులం చార్ట్ దగ్గరికి వచ్చేసరికి ఏమీ అడగం. నేనూ అడిగేవాణ్ణి కాదు. నాలుగేళ్ల క్రితం ఒక తెలిసినాయన పంపిన బొమ్మను డైలీ చార్ట్ అనుకుని, "సపోర్ట్ దగ్గరే ఉంది కదండీ" అనేశాను. అది ఆప్షన్ ప్రీమియం, మూడు నిమిషాల చార్ట్. ఆయన పట్టుకుని కూర్చుంటే 140 ఉన్న ప్రీమియం సాయంత్రానికి 60కి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

అప్పటినుంచి మూడు చూడకుండా నోరు విప్పడం లేదు. ఏ ఇన్‌స్ట్రుమెంట్, అంటే షేరా, ఫ్యూచర్సా, ఆప్షనా; ఎంత టైమ్‌ఫ్రేమ్, అంటే ఒక్కో కొవ్వొత్తి ఎంతసేపటిది; నిలువు స్కేలు ఎలాంటిది. పంపినవాళ్లను అడిగితే సగం పని అయిపోతుంది. కానీ వాళ్లు చెప్పింది కూడా బొమ్మతో సరిపోల్చుకోవాలి. ఎందుకో మా బావమరిది సంగతి చెబితే తెలుస్తుంది.

అతనిది పాలకొల్లు. ఒక రాత్రి బొమ్మ పంపి, "బావా, కూలిపోయింది, పొద్దున్నే అమ్మేయనా?" అన్నాడు. నిజమే, బొమ్మలో గీత పై అంచు నుంచి కింది అంచు దాకా జారిపోయి ఉంది. పేరు లేదు, టైమ్‌ఫ్రేమ్ లేదు. కింద 8, 9, 10 అని తేదీలు మాత్రం ఉన్నాయి. కుడివైపు కింద 1,404, పైన 1,428. చివరి ధర 1,406.50.

ముందు కొవ్వొత్తులు లెక్కపెట్టాను. ఎన్‌ఎస్‌ఈలో షేర్ల మార్కెట్ ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా, అంటే 375 నిమిషాలు. రోజుకు 25 కొవ్వొత్తులుంటే అది 15 నిమిషాల చార్ట్, 75 ఉంటే 5 నిమిషాలది. బొమ్మను పెద్దది చేసి 9కీ 10కీ మధ్య లెక్కపెడితే 75 దగ్గర తేలింది. ఒకటి రెండు తప్పినా ఫర్వాలేదు, 75ని చూసి 25 అనుకోం కదా. అంటే అతను చూసి బెంబేలెత్తిన పతనం వయసు రెండున్నర రోజులు.

తర్వాత స్కేలు. పైనుంచి కిందికి మొత్తం 24 రూపాయలు. చార్ట్ యాప్‌లు మామూలుగా ఆటో స్కేలులో ఉంటాయి. కనిపిస్తున్న ధరల్లో గరిష్ఠాన్నీ కనిష్ఠాన్నీ స్క్రీన్ నిండా సాగదీస్తాయి. ఒక శాతం తగ్గినా, ముప్పై శాతం తగ్గినా బొమ్మ ఎత్తు ఒకటే. ఇక్కడ 1,426 నుంచి 1,406.50కి వచ్చింది. తగ్గింది 19.50, శాతంలో 1.4 కన్నా తక్కువే. డైలీ చార్ట్ తెరిచి గత రెండు వారాలు చూస్తే, ఆ షేరు మామూలు రోజుల్లో కూడా పొద్దుటి నుంచి సాయంత్రం లోపు పాతిక రూపాయలు అటూ ఇటూ తిరుగుతోంది.

ఇన్‌స్ట్రుమెంట్ మీద నాకు అనుమానమే లేదు, పేరు అతనే చెప్పాడు. అలవాటు కొద్దీ ఆ రోజు క్లోజింగ్ చూశాను. 1,399.20. బొమ్మలోనేమో 1,406.50! ఏడు రూపాయల ముప్పై పైసల తేడా. అదే షేరు ఆ నెల ఫ్యూచర్స్ తెరిస్తే పైసాతో సహా సరిపోయింది. నెల మొదట్లో ఫ్యూచర్స్ ధర షేరు కన్నా కొంచెం ఎక్కువ ఉండటం మామూలే, అందులో వడ్డీ కలిసి ఉంటుంది. మావాడి డీమ్యాట్‌లో ఉన్నది షేరు, చూస్తున్నది ఫ్యూచర్స్. స్టాప్‌లాస్ కూడా ఆ ధరలు చూసే పెట్టుకున్నాడట.

చివరగా నా యాప్‌లో అదే ఫ్యూచర్స్‌ను 5 నిమిషాల మీద తెరిచి బొమ్మ పక్కన పెట్టాను. పదో తేదీ పొద్దుటి గ్యాప్, అన్నిటికన్నా ఎత్తైన కొవ్వొత్తి, చివరి ధర, మూడూ కలిశాయి. అప్పుడు చెప్పాను: "రెండున్నర రోజుల్లో ఒకటిన్నర శాతం లోపు తగ్గింది. ఈ బొమ్మలో ఉన్నది అంతే." ఆ తర్వాతి వారం అది ఇంకో నాలుగు శాతం తగ్గింది కూడా. ఎటు వెళ్తుందో ఈ మూడు ప్రశ్నలు చెప్పవు. ఏం చూస్తున్నామో చెబుతాయి.

స్కేలులో ఇంకో తిరకాసు లాగ్, అంటే ధర రెట్టింపైన ప్రతిసారీ ఒకే ఎత్తు చూపించే స్కేలు. కొద్ది రోజుల చార్ట్‌లో లాగ్ అయినా మామూలు స్కేలైనా గీత దాదాపు ఒకేలా ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. ఏళ్ల తరబడి చార్ట్ అయితే కథ మారిపోతుంది. అమలాపురంలో ఒక రిటైర్డ్ మాస్టారు తన షేరుకి గీత గీసి పంపారు. ఒక కనిష్ఠం 40 దగ్గర, నాలుగేళ్ల తర్వాత ఇంకోటి 160 దగ్గర. ఇంకో నాలుగేళ్లు గడిచి ఇప్పుడు ధర 500. "ట్రెండ్‌లైన్ విరిగింది, చూడండి" అన్నారు. మామూలు స్కేలు మీద ఆ గీత ఏడాదికి 30 రూపాయల చొప్పున పెరుగుతుంది, ఇవాళ్టికి 280 దగ్గర ఉండాలి. ధర దానికి ఎంతో పైన ఉంది. లాగ్ మీద అదే గీత నాలుగేళ్లకోసారి నాలుగింతలవుతుంది, ఇవాళ 640 దగ్గర ఉంటుంది. ధర దాని కింద ఉంది. రెండు చుక్కలూ అవే, తీర్పులు మాత్రం రెండు. ఆయన స్కేలు చూశాను. 100కీ 200కీ మధ్య దూరం, 200కీ 400కీ మధ్య దూరం సమానం. లాగే. లాగ్ ఎప్పుడు పెట్టారని అడిగితే, "అదేంటండీ?" అన్నారు. వేలు తగిలి మారిపోయి ఉంటుంది.

ఈ పద్ధతితో ఇబ్బందులూ ఉన్నాయి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన బొమ్మలో కొవ్వొత్తులు అలుక్కుపోతాయి, లెక్కకు అందవు. సరుకుల మార్కెట్ ఎంసీఎక్స్ రాత్రి దాకా నడుస్తుంది కాబట్టి 375 నిమిషాల లెక్క అక్కడ పనికిరాదు. బంగారంలో ఇంకో గొడవ ఉంది. గోల్డ్ మినీ ధర 10 గ్రాములకు, గినియా 8 గ్రాములకు, పెటల్ ఒక్క గ్రాముకు. హైకిన్ ఆషి కొవ్వొత్తులైతే మరీ కష్టం. అవి సగటు తీసి వేసినవి, కొవ్వొత్తిలో కనిపించే ధరకు నిజంగా లావాదేవీ జరిగి ఉండకపోవచ్చు. గ్యాపులు దాదాపు కనిపించకుండా, ఒకే రంగు కొవ్వొత్తులు వరసగా వస్తుంటే నాకు ఆ అనుమానం వస్తుంది.

స్నేహితుల దగ్గర కొంచెం చెడ్డపేరు కూడా వచ్చింది. "వీణ్ణి ఒకటి అడిగితే పది అడుగుతాడ్రా" అంటారు. మొన్న ఒకాయన రెండు వైపులా అంకెలు కూడా కోసేసి, ఉత్త గీత పంపాడు. మొత్తం స్క్రీన్ పంపమన్నాను. "గీత కనపడుతోంది కదా, చెప్పడానికేంటి?" అన్నాడు. అంకెల్లేని గీత చూసి నేను చెప్పగలిగింది ఏమీ లేదన్నాను. పావుగంట తర్వాత మొత్తం స్క్రీన్ వచ్చింది. పై మూలన `1W` అని ఉంది, అంటే వారానికో కొవ్వొత్తి. ఆయన అప్పటిదాకా దాన్ని డైలీ అనుకుంటున్నాడు.