‘ప్రైమా ఫేసీ’, ‘సబ్ జ్యుడిస్’: తెలుగులో ఏ మాట మేలు?

కోర్టు వార్తలు చదివేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు రెండున్నాయి. “ప్రాథమిక ఆధారాలున్నాయని కోర్టు అంది కదా, నేరం రుజువైనట్టేనా?” అనేది ఒకటి. “విషయం కోర్టు పరిధిలో ఉంది, మాట్లాడకూడదు అంటారు. ఎవరు మాట్లాడకూడదు?” అనేది రెండోది. మొదటిదాని వెనక ప్రైమా ఫేసీ, రెండోదాని వెనక సబ్ జ్యుడిస్ అనే లాటిన్ మాటలున్నాయి. రెండు చోట్లా చిక్కు లాటిన్‌ది కాదు, దానికి మనం వాడుతున్న తెలుగు మాటది.

ముందు ప్రైమా ఫేసీ సంగతి. మొదటి చూపుకు కనిపించేది అని దీని అర్థం. దీన్ని రాసేందుకు మన ముందు మూడు దారులున్నాయి: లాటిన్ మాటనే తెలుగు లిపిలో పెట్టడం, పత్రికల్లో అలవాటైన ‘ప్రాథమికంగా’ వాడటం, ‘పైచూపుకు’, ‘మొదటి చూపుకు’ లాంటి మామూలు మాట వాడటం. ‘ప్రథమ దృష్ట్యా’ కూడా ఉంది గానీ, దానర్థం తెలిసినవాళ్లకు ప్రైమా ఫేసీ కూడా తెలిసే ఉంటుంది.

‘ప్రాథమికంగా’ అనే మాటకు ఇప్పటికే చాలా పనులున్నాయి. ప్రాథమిక హక్కులంటే మూలమైనవి. ప్రాథమిక విచారణంటే ముందస్తుగా చేసేది. సాక్ష్యాల చట్టంలో అయితే చిక్కు మరీ ఎక్కువ. భారతీయ సాక్ష్య అధినియం 57వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందు పెట్టిన అసలు పత్రమే ప్రాథమిక సాక్ష్యం. దాని నకలు ద్వితీయ సాక్ష్యం. కాబట్టి ‘ప్రాథమిక సాక్ష్యం ఉంది’ అని రాస్తే న్యాయవాదికి ఒరిజినల్ దస్తావేజు దొరికిందని తోస్తుంది, మామూలు పాఠకుడికి గట్టి పునాది దొరికిందని తోస్తుంది. కోర్టు చెప్పింది ఆ రెండూ కాదు.

అసలు తేడా తెచ్చేది మాత్రం ఆ పదం పక్కన నిలిచే క్రియ అని నా అభిప్రాయం. ఒక ఉదాహరణ చూద్దాం. 200 గజాల స్థలం మీద గొడవ. వాది దగ్గర రిజిస్టర్డ్ సేల్‌డీడు ఉంది. తనకు అమ్మినవాడి హక్కు సరైనదేనంటాడు. అమ్మినవాడికి ఆ స్థలం మీద హక్కే లేదంటాడు ప్రతివాది. వాది దావా వేసి, దానితోపాటే తాత్కాలిక ఇంజంక్షన్ కోసం మధ్యంతర దరఖాస్తు పెట్టాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్, 1, 2 రూల్స్ కింద ఇది మామూలుగా జరిగేదే. ఇక్కడ జడ్జి మూడు సంగతులు చూస్తారు: పైచూపుకు వాది మాటలో పస ఉందా, ఆదేశం ఇస్తే, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా. ఈ దశలో చూసేవి అఫిడవిట్లు, కౌంటరు, దాఖలు చేసిన కాగితాలు. సాక్షులను బోనెక్కించి క్రాస్ ఎగ్జామినేషన్ చేయడం సాధారణంగా ఉండదు. ఆదేశం చివర జడ్జి ‘ఈ వ్యాఖ్యలు దరఖాస్తు వరకే, దావా తీర్పుపై వీటి ప్రభావం ఉండదు’ అనే అర్థంలో ఒక వాక్యం కూడా రాస్తుంటారు.

మర్నాడు వార్త ఇలా వస్తుంది: ‘స్థలం వాదిదేనని ప్రాథమికంగా తేల్చిన కోర్టు’. ఇందులో తప్పంతా ‘తేల్చిన’లోనే ఉంది. తేల్చడం ఇంకా మొదలే కాలేదు. ‘ప్రాథమికంగా నిర్ధారించింది’, ‘ప్రాథమికంగా రుజువైంది’ అన్నా అదే పొరపాటు. ‘ప్రాథమికంగా’ బదులు ‘ప్రైమా ఫేసీగా తేల్చింది’ అని మార్చినా లాభం లేదు. ‘వాది చూపిన కాగితాలను బట్టి కేసులో పస ఉన్నట్టు పైచూపుకు కనిపిస్తోందని కోర్టు అభిప్రాయపడింది, దావా విచారణ ఇంకా జరగాలి’ అంటే సరిపోతుంది. వాక్యం పెరిగిందన్నది నిజమే గానీ, రేపు అదే కోర్టు దావా కొట్టేసినా ఈ వార్త అబద్ధం కాదు.

క్రిమినల్ కేసుల్లో అభియోగాలు నమోదు చేసే దశలో కూడా ఇదే కొలత. అక్కడ కోర్టు అడిగేది ‘విచారణకు పంపేంత సరుకు ఉందా?’ అని. శిక్ష వేయాలంటే సహేతుక సందేహానికి తావులేని రుజువు కావాలి. ఆ రెండింటి మధ్య దూరం చాలా పెద్దది. అయితే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే యూఏపీఏ, 43డి(5) సెక్షన్ దగ్గర ఈ పదం బరువు మారుతుంది. ఆరోపణ ప్రైమా ఫేసీ నిజమని నమ్మడానికి సహేతుక కారణాలుంటే ఆ సెక్షన్ కింద బెయిల్ రాదు. నేరం రుజువు కాకుండానే మనిషి ఏళ్ల తరబడి జైల్లో ఉండొచ్చు. అలాంటి వార్తలో ఒక్కసారి లాటిన్ మాటను ఉంచి, పక్కనే అర్థం చెప్పడం మేలు, ఎందుకంటే చట్టంలో ఉన్న పదమే అది.

ఇక సబ్ జ్యుడిస్. న్యాయమూర్తి ముందున్నది, ఇంకా తేలనిది అని అర్థం. ‘కోర్టు పరిధిలో ఉంది’ అన్నది బాగా పాతుకుపోయింది గానీ, కోర్టు భాషలో పరిధి అంటే అధికార పరిధి. ‘ఈ దావా మా కోర్టు పరిధిలోకి రాదు’ అన్నప్పుడు వాడే పరిధి అది. ‘న్యాయ విచారణలో ఉంది’ అంటే ప్రతిపక్షాలు డిమాండ్ చేసే విచారణ కమిషన్ గుర్తొస్తుంది. అందుకే ‘ఫలానా కోర్టులో నడుస్తోంది’ లేదా ‘కోర్టు ఇంకా తేల్చలేదు’ అనడమే నాకు నచ్చుతుంది. ఏ కోర్టో, ఏ దశో చెబితే పాఠకుడికి లాటిన్ అక్కరే లేదు.

ఈ మాటను నోరు మూయించేందుకు వాడటం మీదే నా అభ్యంతరం. సభలో సభ్యులకు కట్టుబాటు ఉంది: కోర్టు తీర్పు పెండింగ్‌లో ఉన్న వాస్తవాంశాన్ని ప్రస్తావించకూడదని లోక్‌సభ నియమావళిలోని 352వ నియమం చెబుతుంది. బయట వర్తించేది 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం. న్యాయ ప్రక్రియపై నిష్పాక్షికంగా, ఉన్నదున్నట్టు రాసిన వార్త ధిక్కారం కాదని దాని 4వ సెక్షన్ సాధారణ సూత్రం. ‘నిందితుడే చంపాడు’ అని విచారణ నడుస్తుండగా రాస్తే చిక్కు. ‘నిందితుడిపై ఈ అభియోగాలు నమోదయ్యాయి, నిన్న ఫలానా సాక్షి ఇలా చెప్పాడు’ అని రాస్తే చిక్కు లేదు.

ఎప్పటినుంచి ఎప్పటిదాకా ‘పెండింగ్’ అన్నదానికి ఆ చట్టం 3వ సెక్షన్‌లో వివరణ ఉంది. సివిల్‌లో దావా దాఖలైనప్పటినుంచి. నేరాల్లో ఛార్జిషీటు వేసినప్పుడు, లేదా నిందితుడికి కోర్టు సమన్లో వారంటో జారీ చేసినప్పుడు. ఆ లెక్కన ఎఫ్‌ఐఆర్ నమోదైనంత మాత్రాన పెండింగ్ కాదు. ముగింపు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. మన 200 గజాల కేసులో తీర్పు వచ్చాక కూడా, అప్పీలు వేస్తే అది తేలేదాకా, వేయకపోతే అప్పీలు గడువు తీరేదాకా అది పెండింగే. ఆ తర్వాత డిక్రీ అమలు కోసం ఈపీ అనే అమలు పిటిషన్ నడుస్తున్నా, కేవలం దానివల్ల కేసు పెండింగ్ అనిపించుకోదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 10వ సెక్షన్‌లోని రెస్ సబ్ జ్యుడిస్ వేరు. ఒకే వివాదంపై అవే పక్షాల మధ్య రెండో దావా పడితే దాని విచారణ ఆపమంటుంది. దానికి ‘మొదటి దావా ఉండగా రెండోది ఆగింది’ అంటే చాలు.

ఇక శీర్షికలో చోటు తక్కువైనప్పుడు ‘ప్రాథమికంగా’ వాడక తప్పకపోతే, పక్కన ‘అభిప్రాయపడింది’ మాత్రమే పెట్టండి. ‘తేల్చింది’ తుది తీర్పు కోసం ఉంచండి.