మ్యాజిక్ రింగా, రెండు చైన్లా: నాలుగేళ్లు బొమ్మలు అల్లాక

నేను క్రోషే హుక్‌తో అల్లిన రెండో బొమ్మ ఒక బూడిదరంగు కుందేలు. ఆరు నెలల తర్వాత అది నా దగ్గరికి వైద్యానికి వచ్చింది. నడినెత్తిన పెన్సిల్ దూరేంత కన్నం, అందులోంచి తెల్లగా తొంగిచూస్తున్న దూది. అల్లినప్పుడు కన్నమనేదే లేదు. మ్యాజిక్ రింగ్‌తో, అంటే దారాన్ని వేలికి ఉచ్చులా చుట్టి మొదటి ఆరు కుట్లూ అందులోనే వేసే పద్ధతితో మొదలుపెట్టి, కొస లాగి బిగుతుగా మూసి, 'ఎంత బాగా కుదిరిందో' అని మురిసిపోయాను కూడా. తర్వాత దారం కొసను రెండంగుళాలు ఉంచి కత్తిరించి లోపలికి తోసేశాను. తప్పంతా అక్కడే జరిగింది.

రింగ్‌ను మూసి ఉంచేది ఆ కొస ఒక్కటే. లోపల దాన్ని పట్టుకునేది ఏదీ లేకపోతే పిల్లలు నొక్కినప్పుడల్లా, ఉతికినప్పుడల్లా కాస్త కాస్త వెనక్కి జారుతుంది. దూది లోపలినుంచి ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడికి రింగ్ మెల్లగా తెరుచుకుంటుంది. అందుకే బొమ్మ పూర్తయిన రోజు బాగుందంటే నమ్మను. కన్నం బయటపడేది నెలల తర్వాతే.

ఇప్పుడు కొసను ఒక జానెడు ఉంచుతాను. నాలుగైదు రౌండ్లు అయ్యాక, గిన్నెలా ఒంపు వచ్చి లోపలివైపు ఇంకా చెయ్యి పట్టేటప్పుడే ఆ కొస పని ముగిస్తాను. మొద్దు మొన ఉన్న ఊలు సూదికి కొస ఎక్కించి, రింగ్‌లోని ఆరు కుట్ల అడుగు పోగుల కిందుగా, కొస ఏ దిక్కున వెళుతోందో ఆ దిక్కునే ఒక చుట్టు తిప్పి లాగుతాను. సంచి మూతికి తాడు లాగినట్టు మధ్యభాగం ఇంకాస్త దగ్గరపడుతుంది. తర్వాత దిక్కు మార్చి, ఈసారి పోగుల మధ్యలోంచి దారాన్ని చీల్చుకుంటూ మూడు నాలుగు కుట్లు వెనక్కి వస్తాను. అసలు పట్టు ఈ వెనక్కి రావడంలోనే ఉంది. ఒకే దిక్కున దూర్చిన దారం వచ్చిన దారినే జారిపోగలదు. చివర ఒక ముడి వేసి, మిగిలింది దూదిలో కలిపేస్తాను. ఇలా చేసిన బొమ్మల్లో ఇంతవరకూ ఒక్కదాని నెత్తీ తెరుచుకోలేదు.

ఇక రెండు చైన్ల మొదలు. జారుముడి వేసి, రెండు చైన్లు, అంటే గొలుసు కుట్లు అల్లి, హుక్ నుంచి రెండో చైన్‌లో ఆరు సింగిల్ క్రోషే కుట్లు వేయడమే. నేర్చుకోవడం తేలిక, వేళ్లకు దారం చుట్టుకునే తంటా లేదు, విడిపోయే భయం దాదాపు లేదు. లోపం ఒక్కటే: ఆరు కుట్లు ఒకే చైన్‌లోకి ఎక్కేసరికి అది సాగుతుంది, మధ్యలో చిన్న చుక్కలాంటి కన్నం మిగులుతుంది. మామూలుగా వేసే జారుముడితో అయితే కొస లాగినా మూసుకోదు. సన్నని కాటన్ దారంతో, చిన్న హుక్‌తో అల్లితే అది కంటికి ఆనదు. లావు ఊలుతో, అందులోనూ ముదురు రంగుతో అల్లి తెల్ల దూది నింపితే మాత్రం నల్లకుక్క ముక్కు కొసన తెల్ల చుక్కలా కనిపిస్తుంది. నాకు సరిగ్గా అదే జరిగింది. హుక్‌ను చైన్‌లో ఒక్క పోగు కిందే పెడితే ఆ పోగు మరీ సాగుతుంది, రెండు పోగుల కింద పెడితే కొంత నయం. కొందరు నాలుగు చైన్లు వేసి గుండ్రంగా కలిపి మొదలుపెడతారు. గ్లాసు కింద వేసే గుడ్డకు అది సరిపోతుంది కానీ, దూది నింపే బొమ్మకు వద్దు.

చాలా రోజులు తెలియక నష్టపోయిన సంగతి ఒకటుంది. జారుముడి రెండు రకాలుగా పడుతుంది. ఉండవైపు దారంతో ఉచ్చు తీస్తే, ఉండవైపు లాగినప్పుడు అది బిగుస్తుంది. కొసవైపు దారంతో తీస్తే కొస లాగినప్పుడు బిగుస్తుంది. మనకు కావలసింది రెండోది. ముడి వేశాక హుక్ దూర్చి కొస లాగి చూడండి. ఉచ్చు హుక్‌కు బిగుసుకుంటే సరైన ముడి పడ్డట్టే. ఆ ఉచ్చే మొదటి చైన్ అవుతుంది, ఆరు కుట్లూ పడేది దానిలోనే. కాబట్టి రౌండ్ అయ్యాక కొస లాగితే మ్యాజిక్ రింగ్‌లాగే మూసుకుంటుంది. ఈ ఒక్క మార్పుతో రెండు చైన్ల పద్ధతిమీద నాకున్న ఫిర్యాదు ముప్పావు వంతు పోయింది. అయితే ఇదీ జారే ముడే, కొసను పైన చెప్పినట్టే కట్టుకోవాలి.

మెత్తటి వెల్వెట్ ఊలు, చెనిల్ ఊలు వాడేవాళ్లు మ్యాజిక్ రింగ్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ దారం బలం మధ్యలో ఉన్న సన్నని పోగుది, పైనున్న నూగుది కాదు. రింగ్ మూయడానికి గట్టిగా లాగితే నూగు ఊడి చేతికి వస్తుంది, ఇంకొంచెం లాగితే కొసే తెగుతుంది. రెండుసార్లు తెగాక మానేశాను. ఆ ఊలుకు మామూలు రెండు చైన్లే చాలు. మిగిలే కన్నాన్ని నూగే కప్పేస్తుంది.

కాటన్, ఆక్రిలిక్ దారాలతో కనిపించే చోట, అంటే తల పైన, చేతి కొసన, ముక్కు దగ్గర మ్యాజిక్ రింగే వేస్తాను. జారిపోయే నున్నటి దారమైతే వేలికి రెండు చుట్లు చుట్టి జంట రింగ్ చేస్తాను. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడేది మూసేటప్పుడే. ముందు కొసను కొంచెం లాగి, రెండు చుట్లలో ఏది కదిలిందో చూడాలి. కదిలిన ఆ చుట్టునే పట్టి లాగితే రెండోది మూసుకుంటుంది. తర్వాత కొస లాగితే మొదటిదీ మూసుకుంటుంది. చూడకుండా కొసను బలవంతంగా లాగితే ఒకటి తెరిచే ఉండిపోతుంది. తల కింద మెడకు అతుక్కునే చోటా, జుట్టు కుట్టే చోటా మాత్రం ఏది వేసినా ఎవరికీ కనిపించదు, అక్కడ నేను బద్ధకంగా చైన్లే వేస్తాను.

ఒకటి గమనించండి. కన్నం మధ్యలోనే కాకుండా ప్రతి రౌండ్‌లోనూ దూది కనిపిస్తుంటే అది మొదలు తప్పు కాదు, హుక్ పెద్దదైంది. ఆరుకు బదులు ఎనిమిది కుట్లతో మొదలుపెట్టినా మధ్యభాగం అంత బిగుతుగా మూసుకోకపోవచ్చు.

మళ్లీ కుందేలు దగ్గరికి వస్తాను. దూది నిండిన తలలోకి చెయ్యి పోదు కాబట్టి బయటినుంచే బాగుచేశాను. అదే రంగు దారం ఒక మూర తీసుకుని, సూదిని చెవి మొదట్లో దించి, అక్కడ ఒక కొస వేలాడేలా వదిలి, కన్నం అంచున తేల్చాను. ఆరు కుట్ల లోపలి అంచు పోగుల్లోంచి రెండు చుట్లు తిప్పి, సూదిని కన్నం మధ్యలోంచి దించి, మొదట దిగిన చోటికి ఒక్క కుట్టు పక్కన పైకి తీశాను. రెండు కొసలూ లాగితే నెత్తి చిన్న గుంటపడి మూసుకుంది. ముడి వేసి, మిగిలిన దారంతో ముడిని లోపలికి లాగేశాను. చెవి పక్కనే కావడంతో ఆ ముడి ఎక్కడుందో ఇప్పుడు నాకే దొరకదు. ఆ గుంట మాత్రం కొంచెం లోతుగా ఉంది, మరీ బిగించేశాను.