కిరాయి లెక్కల షీట్: మూడేళ్లు వాడాక, అడ్వాన్స్ దగ్గర తప్పిన దెబ్బతో సహా

నల్లగొండలో పానగల్లు రోడ్డు వైపు మాకు మూడంతస్తుల బిల్డింగ్ ఉంది, ఆరు పోర్షన్లు కిరాయికి ఇస్తాం. లెక్కంతా మొదట్లో మా ఆవిడ డైరీలో ఉండేది. మూడేళ్ల కింద మా అల్లుడు నా ఫోన్‌లో ఒక గూగుల్ షీట్ పెట్టి ఇచ్చాడు. నెట్‌లో ఉచితంగా దొరికేదే. పోర్షన్‌కో పేజీ, నెలకో వరస, వరసలో నాలుగు గడులు: Due, Paid, Balance, Advance.

నాకు బాగా నచ్చింది విడతల లెక్క. మా వాళ్లలో ఒకాయన జీతం పడగానే మూడు వేలు ఫోన్‌పే కొడతాడు, పదిహేనో తారీఖు దాటాక మిగతాది చేతిలో పెడతాడు. Paid గడిలో `=3000+4500` అని కొడితే మొత్తం అదే కూడుకుంటుంది, గడి ముట్టుకుంటే ఏ విడతకు ఎంతిచ్చాడో కూడా కనిపిస్తుంది. డైరీలో ఈ సుఖం లేదు, కొట్టివేతల మీద కొట్టివేతలు.

ఇక అడ్వాన్స్. మన దగ్గర అడ్వాన్స్ అంటే ఇంట్లో దిగేటప్పుడు ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోయే డబ్బు. షీట్ చేసినవాడి లెక్కలో మాత్రం అడ్వాన్స్ అంటే ఆ నెల కిరాయి పోను ఎక్కువ ఇచ్చిన పైసలు, అవి వచ్చే నెల కిరాయిలో తరుగుతాయి. పేరొకటే, లెక్కలు రెండు. ఇది నాకు ముందు తట్టలేదు.

రెండో అంతస్తులోకి జూన్‌లో ఒక పిల్లగాడు దిగాడు. కిరాయి 7,500, రెండు నెలల అడ్వాన్స్ 15,000. ఆ నెల కిరాయితో కలిపి 22,500 ఇస్తే నేను మొత్తం Paid గడిలోనే కొట్టేశా. Advance 15,000 అని చూపించింది, సరిగ్గానే ఉంది కదా అనుకున్నా. జులై, ఆగస్టు, సెప్టెంబర్ కిరాయి టైముకే ఇచ్చాడు. అక్టోబర్, నవంబర్ ఇవ్వలేదు. షీట్ ఏం చేసిందంటే, ఆ 15,000లోంచి నెలకు 7,500 చొప్పున చప్పుడు చేయకుండా తీసేసుకుంది. నేను పెద్దగా చూసేది Balance గడే, అందులో రెండు నెలలూ సున్నానే. నవంబర్ ఆఖరుకు ఖాళీ చేస్తున్నా అంటూ వచ్చాడు. బాకీ లేదు కదా అని 15,000 లెక్కపెడుతుంటే మా ఆవిడ డైరీ పట్టుకొచ్చింది: "ఆగండి, అక్టోబర్ కిరాయి ఎప్పుడిచ్చిండు?" పిల్లగాడు మంచోడే, రెండు నెలలది ఇవ్వలేదని ఒప్పుకున్నాడు. అడ్వాన్స్ అటు, బాకీ ఇటు సరిపోయింది.

తర్వాత వెనక్కి పోయి చూస్తే గుర్తు ముందే ఉంది: జులై నుంచే Due గడిలో మైనస్ 7,500 అని పడుతోంది. కిరాయి మైనస్‌లో ఉంటుందా ఎక్కడన్నా! మీ షీట్‌లో అట్లా కనిపిస్తే, దిగినప్పటి అడ్వాన్స్ కిరాయిలో కలిసిపోయిందేమో చూసుకోండి.

ఇంకో లోపం, ఇది షీట్‌దే. పాత బాకీని తెచ్చి ఈ నెల Due లోనే కలుపుతుంది. కింది పోర్షన్‌లో మార్చిలో 5,000 ఇచ్చారు, 2,500 బాకీ. ఏప్రిల్ Due 10,000 అయింది, 8,000 ఇచ్చారు. మేలో Due 9,500, మొత్తం కట్టేశారు. బాకీ ఏం లేదు. కానీ అడుగున మొత్తం వరసలో Due 27,000, Paid 22,500, ఇంకా 4,500 రావాలని చూపించింది. అసలు మూడు నెలల కిరాయే 22,500. బాకీని ప్రతి నెలా మళ్లీ కూడటం వల్ల వచ్చిన తేడా అది. ఆ కాగితం చూపించి అడిగి ఉంటే గొడవయ్యేది.

అల్లుడితో మార్పించా. పాత బాకీకి B గడి వేరు, ఈ నెల కిరాయి C, కట్టింది D, తర్వాత E, F ఇట్లా:

```
E5 Balance: =MAX(0, B5+C5-D5)
F5 Advance: =MAX(0, D5-B5-C5)
B6:         =E5-F5
```

ఇప్పుడు అడుగున C ఒక్కటే కూడుతుంది, అది అసలు కిరాయి. B మైనస్‌లో ఉంటే మాత్రం కంగారొద్దు, ముందే ఎక్కువ ఇచ్చారని అర్థం. దిగేటప్పటి అడ్వాన్స్‌ను ఈ పేజీల్లోకి రానివ్వం, దానికి వేరే పేజీ: ఏ పోర్షన్, ఎంత, ఏ తారీఖు, తిరిగి ఇచ్చేటప్పుడు రంగులకు ఎంత పట్టుకున్నాం. అంతే.

ఫోన్‌లో వేలు తగిలి సూత్రం ఉన్న గడి చెరిగిపోవడం ఇప్పటికీ ఉంది. రెండుసార్లు అయ్యాక అల్లుడు కంప్యూటర్‌లో ఆ గడులకు తాళం వేశాడు. మా ఆవిడ డైరీ మానలేదు, నేనూ మానమనలేదు. నెల పదో తారీఖున ఇద్దరం కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాం, పోయిన నెల తప్పు డైరీలో దొరికింది.