ఆరేళ్లుగా అన్ని లేయర్ల పైనా ఒకే కర్వ్

మా స్టూడియోకి ఎక్కువగా వచ్చే మిక్సింగ్ పని ఒకటే. చనిపోయిన తాతగారిని ఇప్పటి ఫ్యామిలీ ఫోటోలో కూర్చోబెట్టాలి. తాతగారిది రంగు వెలిసిన పాత ప్రింట్ స్కాన్, మనవడిది ఫోన్ ఫోటో, మిగతావాళ్లది మా కెమెరా. ఫోటోషాప్‌లో వీటన్నిటి పైన ఒక కర్వ్స్ లేయర్, అంటే గీతను వంచి కింద ఉన్నవాటి వెలుగునీ రంగునీ మార్చే పొర, వేసి కలపడం ఆరేళ్లుగా చేస్తున్నాను.

మొదటి రెండేళ్లూ నేను పైన కర్వ్ వేస్తే చాలనుకున్నాను. అది పొరపాటు. కర్వ్ దగ్గరికి ఒకే విలువ వస్తే ఒకే విలువ బయటికి వస్తుంది. కింద తేడాగా ఉన్నవి పైన కూడా దాదాపు తేడాగానే ఉంటాయి.

ఈ మధ్య చేసిన పని చెబుతాను. 0 పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు అనే కొలతలో, స్కాన్‌లో తాతగారి జుట్టు నీడలో ఎరుపు 58, ఆకుపచ్చ 46, నీలం 34 ఉన్నాయి. ఫోన్ ఫోటోలో నలుపు 5 దగ్గర ఉంది. అందుకని తాతగారి లేయర్‌కి మాత్రమే క్లిప్ చేసిన కర్వ్ వేసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లలో ఒక్కోదానిలో ఎడమ కింది నలుపు కొసను ఆ అంకె దాకా కుడికి జరిపాను. పసుపు పట్టిన పంచె మీద పాయింట్ పెట్టి, మనవడి తెల్ల చొక్కాలో ఉన్న 240కి మూడు చానెళ్లనూ తెచ్చాను. సగం పని అక్కడే అయిపోయింది.

ఆ తర్వాతే పై కర్వ్. నలుపు కొసను ఇన్‌పుట్ 20, ఔట్‌పుట్ 14 దగ్గర పెడతాను. 20కి లోపు మిగిలిన చిన్న తేడాలన్నీ 14 దగ్గర కలిసిపోతాయి, ఎవరి నీడా ఎవరికన్నా లోతుగా కనిపించదు. నీలం చానెల్‌లో నలుపు కొస కాస్త పైకి, తెలుపు కొస 255 నుంచి 243కి. నీడలకు కొంచెం నీలం, వెలుగుకు కొంచెం పసుపు అందరికీ ఒకేలా పడతాయి. ఒక్క మాట, ప్రింట్‌కి పంపేటప్పుడు ఆ 14ని 8కి దించుతాను, లేకపోతే మాట్ పేపర్ మీద నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది.

కలిసిందో లేదో కంటితో చూస్తే మోసపోతాం. అందుకే అన్నిటికన్నా పైన, కొండలూ లోయల్లా పైకీ కిందికీ మెలితిప్పిన కర్వ్ ఒకటి తాత్కాలికంగా వేస్తాను. రంగులు విచిత్రంగా మారిపోతాయి కానీ, అతికించిన మనిషి నీడ ఆకుపచ్చగా, పక్కవాళ్లది ఊదాగా కనిపిస్తే దొరికిపోయినట్టే. కింద కర్వ్ సరిచేసి దీన్ని తీసేస్తాను.

స్కాన్‌లోని గరుకుదనం, ఫోన్ ఫోటో నున్నదనం, వెలుగు వచ్చే దిక్కు, వీటిని కర్వ్ ఏమీ చేయలేదు. ఆ ఫోటోలో తాతగారి మీద వెలుగు ఎడమ నుంచి, మిగతావాళ్ల మీద కుడి నుంచి పడింది. అద్దంలోలా తిప్పేశాను, రంగులు బాగా కలిశాయని సంబరపడ్డాను కూడా. బామ్మగారు చూసి అడిగిన మొదటి మాట: "ఆయన చొక్కా జేబు కుడివైపుకి ఎప్పుడొచ్చింది బాబూ?"