ఇటాలియన్ అమ్మమ్మకు వాయిస్ మెసేజ్: తెలుగు లిపి ఉచ్చారణ చీటీ వాడి చూశాక

మా ఆయన వాళ్ల అమ్మమ్మది ఉత్తర ఇటలీ. ఆవిడకి ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు, ఫోన్‌లో సన్న అక్షరాలు చదవలేరు. అందుకని పుట్టినరోజుకీ, క్రిస్మస్‌కీ, అక్కడ అక్టోబర్ 2న వచ్చే అమ్మమ్మల తాతయ్యల పండగకీ వాయిస్ మెసేజే పంపుతుంటాను. (ఆ పండగ 2005లో చట్టం చేసి పెట్టుకున్నది.) నాలుగు వాక్యాలు, అర నిమిషం లోపు. ఆ నాలుగు వాక్యాలకీ ఉచ్చారణ ఎలా రాసుకోవాలన్నదే ఇక్కడ విషయం. కొన్నేళ్లుగా వాడుతున్న చీటీ గురించి, అందులో పనిచేసిందీ చెయ్యనిదీ చెబుతాను.

మొదట వాడింది ఇంగ్లీష్ అక్షరాల్లో ఉచ్చారణ రాసిన పర్యాటకుల పుస్తకం. అది ఇంగ్లీష్ నోటి కోసం రాసింది, మనకి పనికిరాదు. టీ అక్షరం కనపడగానే మనం ‘ట’ అంటాం, డీ కనపడితే ‘డ’ అంటాం. ఇటాలియన్‌లో అవి శుభ్రమైన త, ద. తెలుగులో ‘తి’ అని రాసుకుంటే ఆ గొడవే లేదు. మా ఆయన్ని అడిగితే, పాపం, ‘మళ్లీ అను’ అంటాడే తప్ప ఎక్కడ తప్పిందో చెప్పలేడు. పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాషలో నాలుక ఎక్కడ పెడుతున్నామో ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు పుట్టినరోజుకి వాడే చీటీ ఇది:

చ్యావొ నొన్న, బ్వొన్ కొంప్లెఅన్నొ! ఒజ్జి అ కాజ అబ్బ్యామొ మంజ్యాతొ ల తొర్త అంకె పెర్ తె. తి వొల్‌ల్యొ బేనె. చి సెంత్యామొ దొమేనిక.

అర్థం: నొన్నా, పుట్టినరోజు శుభాకాంక్షలు. ఇవాళ ఇంట్లో నీ పేరు చెప్పుకుని కూడా కేక్ తిన్నాం. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఆదివారం మాట్లాడుకుందాం. (వాళ్లింట్లో అమ్మమ్మని ‘నువ్వు’ అనే అంటారు. నాకు అలవాటు కావడానికి కొంత టైమ్ పట్టింది.)

ఈ చీటీలో అన్నిటికన్నా బాగా పనిచేసింది దీర్ఘం. ఇటాలియన్‌లో ప్రతి మాటలో ఒక అక్షరం మీద ఊనిక ఉంటుంది. మనకి అలాంటి అలవాటు లేదు. ‘దొమెనిక’ అని హ్రస్వాలతో రాసుకుంటే అన్నీ ఒకే బరువుతో చదివేస్తాం, ఒక్కోసారి ‘ని’ మీద బలం పడుతుంది. కానీ ఊనిక పడిన అక్షరం తర్వాత ఒకే హల్లు ఉంటే ఆ అచ్చు సహజంగానే సాగుతుంది, మాట చివర తప్ప. కాబట్టి అక్కడ దీర్ఘం పెట్టి మిగతావన్నీ పొట్టిగా రాస్తే ఊనిక దానంతట అదే వచ్చేస్తుంది: దొమేనిక, బేనె, కాజ. ఒత్తు ముందు మాత్రం ఈ కిటుకు పనిచెయ్యదు. ‘కొంప్లెఅన్నొ’లో ఊనిక ‘అన్’ మీదే ఉన్నా అచ్చు సాగదు. అలాంటి చోట కింద గీత గీసుకుంటాను. ‘నాన్న’ అనే అర్థంలో వచ్చే ‘పప’ లాంటి మాటలకీ అంతే, చివరి అక్షరం మీద బలం ఉన్నా పొట్టిదే. అదే మాటలో మొదటి అక్షరం సాగదీసి ‘పాప’ అంటే పోప్ గారు అవుతారు.

మాట చివరి అచ్చు దగ్గర ఇంకో జాగ్రత్త. మన మాటల చివర పొట్టి ‘ఒ’ దాదాపు రాదు కాబట్టి చెయ్యి తెలియకుండా ‘కొంప్లెఅన్నో’, ‘చ్యావో’ అని రాసేస్తుంది. ఒత్వం కాస్తా ఓత్వం అయిందా అని రాశాక ఒకసారి చూసుకోవాలి.

ద్విత్వాల విషయంలో మనం అదృష్టవంతులం. ‘నొన్న’ అంటే అమ్మమ్మ, ‘నోన’ అంటే తొమ్మిదోది. ఈ తేడా చాలామంది విదేశీయులకి నోరు తిరగదు, మనకి ‘అన్నం’ అన్నంత తేలిక. ఐతే పెద్దావిడ కదా, నెమ్మదిగా చెబుదాం అనుకుంటే ఇక్కడే దెబ్బ తింటాం. నెమ్మది కోసం అచ్చులు సాగదీస్తే నొన్న కాస్తా నోన అవుతుంది. కొత్త సంవత్సరం శుభాకాంక్షల్లో ‘అన్నొ’ని ‘ఆనొ’ చేస్తే శరీరంలో బయటికి చెప్పుకోలేని భాగం పేరు వస్తుంది. కాబట్టి మాటల్ని మామూలు వేగంతోనే అని, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగాలి. చీటీ మీద ఆగే చోట నిలువు గీత పెట్టుకుంటాను. వయసుతో ముందుగా తగ్గేది సన్నని శబ్దాల వినికిడి, అంటే స, ఫ, త లాంటివి. అచ్చులూ ఊనికా సరిగ్గా ఉంటే మాట ఏదో అందుతుంది.

చ, జ లతో చిక్కుంది. చలి, చాప, జాము అనేటప్పుడు మన నాలుక పళ్ల దగ్గరికి వెళ్తుంది. ‘చావో’ అని రాసుకుంటే అదే చ పలుకుతుంది, ఇటాలియన్‌కి కావల్సింది చెట్టులో చ. అందుకే య-ఒత్తు ఇచ్చి ‘చ్యావొ’, ‘మంజ్యాతొ’ అని రాశాను. చలిలో చ కూడా వృథా కాదు, థాంక్స్ చెప్పే ‘గ్రత్సియె’లో కావల్సింది అదే.

మాట మొదట్లో ఎ, ఒ వస్తే మనం ముందు య, వ తగిలిస్తాం. ‘ఒజ్జి’ అని రాసున్నా నోట్లోంచి ‘వొజ్జి’ వస్తుంది. దీనికి రాతలో మందు లేదు, పెదాలు గుండ్రం చెయ్యకముందే గొంతుతో మొదలుపెట్టాలి.

‘వొల్‌ల్యొ’ ఒక్క మాటలోనే రెండు కష్టాలు. మన వ వాళ్లకి ‘ఉ’లాగా వినిపిస్తుంది. పై పళ్లు కింది పెదవికి ఆనించి, ఫ అంటూ గొంతు కలిపితే వాళ్ల వ వస్తుంది. ల్య దగ్గర నాలుక మొన కాదు, నడిమి భాగం అంగిలికి తగలాలి. నాకు ఇప్పటికీ పదింటికి పది సార్లు రాదు. కళ్యాణంలో ‘ళ్య’ అయితే అస్సలు కాదు, ‘కల్యాణం’ అని ల తో అంటే దగ్గరగా ఉంటుంది.

లిపి అస్సలు చూపించలేనిది ప్రశ్న రాగం. మనకి ‘బాగున్నావు’కి చివర ఆ చేరిస్తే ప్రశ్న. ఇటాలియన్‌లో ‘స్తై బేనె’ అంటే బాగున్నావు, బాగున్నావా కూడా అదే. గొంతు చివర్లో పైకి లేస్తేనే ప్రశ్న. మనం చదునుగా అంటే ఆవిడకి ప్రశ్న అడిగినట్టే తెలియదు, జవాబు రాదు. ఇప్పుడు అలాంటి చోట పైకి బాణం గుర్తు వేస్తున్నాను.

పంపే ముందు పరీక్ష ఒకటే. రికార్డ్ చేశాక ఫోన్‌ని చేయి దూరంలో పెట్టి స్పీకర్‌లో వినిపిస్తాను. మా ఆయన వాక్యం చూడకుండా, విన్నది విన్నట్టు రాస్తాడు. తను ‘నొన్న’ని ఒక్క న తో రాస్తే ఆ మాట మళ్లీ చెప్పాల్సిందే. ఎ, ఒ ల్లో నోరు ఎంత తెరవాలి అనే గోల కూడా పుస్తకాల్లో ఉంటుంది. నేను వదిలేశాను, ఇటలీలోనే ఊరికో రకంగా అంటారు.

చీటీని ఎవరైనా వాడుకోవచ్చు. కాకపోతే అచ్చుల మధ్య స ని ఉత్తరాదిలో బరువుగా, ఇంగ్లీష్ జెడ్ లాగా అంటారు. నేను ‘కాజ’ అని రాసింది అందుకే. మీ నొన్నది నేపుల్స్ వైపైతే ‘కాస’ అని మార్చుకోండి.